పొలం ఎర్రబడితే యూరియాయేనా?



సంక్రాంతి దాటేసరికి ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట మండలాల్లో పోచారం కాలువ కింద యాసంగి నాట్లు ఊపందుకుని ఉంటాయి. అవతల మంజీర మీద నిజాంసాగర్ ఆయకట్టులోనూ, కామారెడ్డి, భిక్కనూరు వైపు బోర్ల కింద మడుల్లోనూ అదే సందడి. నాటు వేసి మూడు వారాలు తిరక్కుండానే కొన్ని మళ్లలో ఒక విచిత్రం కనిపిస్తుంది. నిన్నటి దాకా పచ్చగా తేరుకుంటున్న పైరు అక్కడొక పాయ, ఇక్కడొక పాయగా రంగు మారుతుంది. 'పొలం ఎర్రబడ్డది' అంటాడు రైతు. ఆ మాట అన్న సాయంత్రానికే యూరియా బస్తా ఒడ్డు మీదికి చేరుతుంది.

వారం గడుస్తుంది. పైరు పచ్చబడదు. ఇంకో అర బస్తా పడుతుంది. అయినా అంతే. అప్పుడు యూరియా మంచిది కాదనో, కల్తీదనో అనుమానం మొదలవుతుంది. నిజానికి చాలా పొలాల్లో యూరియాది తప్పేమీ ఉండదు. పైరు అడిగింది దాన్ని కాదు.

ఆకు పసుపెక్కడానికి కారణాలు చాలా ఉన్నాయి. నత్రజని లోపం వాటిలో ఒకటి మాత్రమే. యాసంగి వరిలో నాటిన రెండు నుంచి నాలుగు వారాల మధ్య వచ్చే ఎర్రదనానికి జింకు లోపం కారణమయ్యే సందర్భాలు చాలా ఎక్కువ. ఈ రెండింటినీ ప్రయోగశాల దాకా వెళ్లకుండా, మడిలో నిలబడే చాలావరకు వేరు చేయవచ్చు. అందుకు కొంచెం వంగి చూడాలి. ఒడ్డు మీద నిలబడి చూస్తే రంగు మాత్రమే కనబడుతుంది. రంగు ఒక్కటే చూసి మందు వేయడం దగ్గరే పొరపాటు మొదలవుతుంది.

ముందు చూడాల్సింది ఏ రంగు అని కాదు, ఏ ఆకు అని. మొక్కలో కొన్ని పోషకాలు కదులుతాయి, కొన్ని ఉన్నచోటి నుంచి కదలవు. నత్రజని కదిలే రకం. నేలలో అది చాలనప్పుడు మొక్క తన ముసలి ఆకుల్లో ఉన్నదాన్ని పీల్చి పైన వచ్చే లేత ఆకులకు పంపుతుంది. కరువొచ్చిన ఇంట్లో పెద్దవాళ్లు పస్తులుండి పిల్లలకు పెట్టినట్టన్నమాట. అందుకే నత్రజని లోపంలో కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి, పైన మొవ్వు పచ్చగానే ఉంటుంది. పొటాషు, మెగ్నీషియం కూడా ఇదే దారి. ఇనుము, గంధకం అంత తేలిగ్గా కదలవు. అవి తక్కువైతే పైన వచ్చే లేత ఆకే ముందు పాలిపోతుంది, కింది ఆకులు మాత్రం పచ్చగా ఉంటాయి.

జింకు ఈ రెండు వర్గాల మధ్యలో ఉంటుంది. వరిలో దాన్ని పోల్చుకోవడంలో వచ్చే తికమకంతా ఇక్కడే.

తర్వాత చూడాల్సింది ఆకులో పసుపు ఎక్కడ మొదలైందన్నది. నత్రజని తక్కువైన ఆకు కొస నుంచి పసుపెక్కుతూ కిందికి వస్తుంది, ఆకంతా ఒకే తీరుగా వెలిసిపోతుంది. మచ్చలుండవు. పొటాషు లోపమైతే ఆకు అంచులు కొస నుంచి మాడినట్టు గోధుమ రంగుకు తిరుగుతాయి, మధ్య భాగం పచ్చగా ఉంటుంది. జింకు లోపమైతే కథ ఆకు మొదట్లో మొదలవుతుంది. లేత ఆకు అడుగుభాగంలో మధ్య ఈనె తెల్లగా పాలిపోతుంది. ఆ తర్వాత కొద్దిరోజులకు కింది ముదురాకుల మీద ఈనెకు అటూ ఇటూ తుప్పు రంగు, ఇటుక రంగు చుక్కలు పడతాయి. ఆ చుక్కలు కలిసిపోయి ఆకంతా ఎర్రబారినట్టు అవుతుంది. దూరం నుంచి రైతుకు కనబడే ఎర్రదనం ఇదే.

ఇంకో గుర్తు చేతికి తెలుస్తుంది. జింకు తక్కువైన వరి ఆకు పెళుసుగా మారుతుంది. ముదురాకును పట్టుకుని వంచితే మెత్తగా మడవకుండా చిటుక్కుమని చప్పుడు చేస్తుంది. ఇలాంటి మొక్క గిడసబారుతుంది, పిలకలు సరిగా తొడగదు. నత్రజని వేసినా పచ్చబడదు. ఈ చివరి గుర్తు కోసం రైతు ప్రత్యేకంగా వెతకక్కర్లేదు, చాలామంది యూరియా ఖర్చు పెట్టి ముందే తెలుసుకుని ఉంటారు.

ఈ ఎర్రదనం వెనక జింకు ఉందని తెలిసిందే అరవై ఏళ్ల కింద. హిమాలయాల పాదాల దగ్గర అప్పటి ఉత్తరప్రదేశ్ తరాయి ప్రాంతంలో కొత్తగా సాగులోకి తెచ్చిన నేలల్లో వరి ఇలాగే గిడసబారి ఎర్రబడేది. అక్కడి రైతులు దాన్ని ఖైరా అనేవారు. అప్పుడు పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఉన్న యశ్వంత్ లక్ష్మణ్ నేనే తెగుళ్ల శాస్త్రవేత్త. తెగులు వెతకడం ఆయన వృత్తి. ఆయనే ఇది తెగులు కాదు, జింకు లోపమని 1966లో తేల్చారు. జింకు సల్ఫేటు, సున్నం కలిపి పిచికారీ చేస్తే పైరు తేరుకుంది. తర్వాతి కాలంలో ఆయన మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో చాలా ఏళ్లు పనిచేశారు. ఆకు మీద మచ్చ కనబడగానే తెగులు మందు కొట్టే అలవాటున్న వాళ్లు ఈ సంగతి ఒకసారి గుర్తుచేసుకుంటే మంచిది.

మరి నేలలో జింకు ఉండి కూడా వరికి ఎందుకు అందదు? మడిలో నీళ్లు నిలవగానే నేలలోకి గాలి ఆగిపోతుంది. గాలి లేని బురదలో జింకు ఇతర పదార్థాలతో కలిసి కరగని రూపంలోకి పోతుంది. వానాకాలం, యాసంగి రెండు కార్లూ వరే వేసి, నడుమ నేలను ఆరనివ్వని పొలాల్లో ఇది ఏటేటా ముదురుతుంది. యాసంగిలో దీనికి చలి తోడవుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల చలికి కొత్తగా నాటిన వేరు సాగదు. వేరు సాగనిదే మొక్క జింకును వెతుక్కోలేదు. వానాకాలంలో బాగానే పండిన మడి యాసంగిలో ఎర్రబడడానికి పెద్ద కారణం ఇదే. చౌడు నేలల్లో, సున్నం పాలు ఎక్కువున్న రేగళ్లలో లోపం మరీ ఎక్కువ. పొలం చదును చేసినప్పుడు పై మట్టి గీకేసిన చోట కూడా సరిగ్గా ఆ మేరకే పాయలుగా కనబడుతుంది.

భాస్వరం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎకరాకు బస్తా డీఏపీ చాలినచోట రెండు బస్తాలు వేస్తే పైరు రెండింతలు ఎదగదు. మిగిలిన భాస్వరం నేలలో పేరుకుని, మొక్క జింకు తీసుకోవడానికి అడ్డుపడుతుంది. కాంప్లెక్సు ఎరువు, జింకు సల్ఫేటు ఒకే రోజు కలిపి చల్లవద్దని వ్యవసాయ శాఖ ఏళ్లుగా చెబుతున్నది అందుకే. రెండింటికీ కనీసం రెండు మూడు రోజుల ఎడం ఉండాలి.

దీన్ని కంటితో చూడాలంటే రెండు గాజు గ్లాసులు చాలు. ఒక గ్లాసులో కొంచెం డీఏపీ కరిగించి తేట తీసుకోవాలి. ఇంకో గ్లాసులో జింకు సల్ఫేటు కరిగించాలి. రెండూ కలిపితే తెల్లగా, చిక్కగా విరిగి ముద్ద కడుతుంది. పొలంలో జరిగేదీ ఇదే. ఈ పరీక్షకు ఇంకో ప్రయోజనం ఉంది. బజారులో జింకు సల్ఫేటు పేరుతో మెగ్నీషియం సల్ఫేటు అంటగట్టే మోసం ఉంది. రెండూ చూడడానికి ఒకేలా తెల్లటి పలుకులు. మెగ్నీషియం సల్ఫేటు అయితే డీఏపీ తేటలో అలా చిక్కటి ముద్ద కట్టదు. సంచిలో జింకు ఉందా లేదా అన్నంతవరకే ఇది చెబుతుంది, ఎంత శాతం ఉందో చెప్పదు.

ఇప్పుడొక పొలంలోకి దిగుదాం. ఎల్లారెడ్డి దగ్గర కాలువ కింద ఎకరం మడి అనుకోండి. జనవరి మొదటి వారంలో నాటు పడింది. అడుగుమందుగా డీఏపీ దండిగా వేశారు. ఇరవయ్యో రోజున యూరియా చల్లారు. ఇరవై అయిదో రోజుకు పల్లం వైపు మడిలో మూడు నాలుగు చోట్ల పైరు ఎర్రబడింది, మిగతాదంతా మామూలుగా ఉంది.

ఇక్కడే మొదటి ఆధారం దొరికింది. యూరియా చల్లి అయిదు రోజులే అయింది, పైగా ఎర్రదనం పాయలు పాయలుగా ఉంది. నత్రజని తక్కువైతే మడంతా దాదాపు ఒకే తీరుగా వెలిసిపోవాలి. ఎక్కడైనా పశువులు కట్టేసిన చోటో, ఎరువు బస్తా ఒలికిన చోటో మాత్రం ముదురు పచ్చగా ఉండాలి. ఇక్కడ అలా లేదు.

తర్వాత ఎర్రబడిన పాయలో ఒక దుబ్బు, బాగున్న చోట ఒక దుబ్బు మట్టితో సహా పెకలించాలి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. బాగాలేని దుబ్బులో పై నుంచి రెండో మూడో ఆకు మొదట్లో ఈనె తెల్లబడి ఉంది. కింది ఆకుల మీద తుప్పు చుక్కలున్నాయి. వంచితే చిటుక్కుమంది. ఇక వేర్లు కడిగి చూడాలి. ఈ పని ఎక్కువమంది చేయరు, కానీ సగం సమాధానం అక్కడే ఉంటుంది.

వరి వేరు కొస తెల్లగా, పాత వేరు కొద్దిగా తుప్పు రంగులో ఉంటే భయం లేదు. వేరు తన చుట్టూ వదిలే గాలికి బురదలోని ఇనుము తుప్పు పట్టి అంటుకోవడం వల్ల ఆ రంగు వస్తుంది. అది ఆరోగ్యమే. వేర్లు నల్లబడి, కుళ్లిన కోడిగుడ్డు వాసన వేస్తే, మడిలో కాలు వేసినప్పుడు బుడబుడమని బుడగలు లేస్తే మాత్రం వ్యవహారం వేరు. అది సల్ఫైడు దెబ్బ. వానాకాలం కొయ్యకాళ్లు, గడ్డి కుళ్లక ముందే దున్ని వెంటనే నాటిన మళ్లలో, మురుగు పోని పల్లాల్లో ఇది వస్తుంది. పైకి కనబడేది ఇక్కడా పసుపే, గిడసబారడమే. దీనికి ఏ ఎరువూ మందు కాదు. నీళ్లు తీసేసి, నేల సన్నగా నెర్రెలిచ్చేదాకా ఆరబెట్టి, మళ్లీ నీళ్లు పెట్టాలి. కొత్త తెల్ల వేర్లు వచ్చాకే మొక్క ఏదైనా తినగలుగుతుంది. రెండు జబ్బులూ కలిసి ఉండడం కూడా అరుదేమీ కాదు. అప్పుడు ఆరబెట్టడం ముందు, జింకు తర్వాత.

మన మడిలో వేర్లు తెల్లగానే ఉన్నాయి. కాబట్టి అనుమానం జింకు మీదికి గట్టిగా మళ్లింది. అయినా పురుగునూ తెగులునూ ఒకసారి పక్కకు తప్పించాలి. మొవ్వు ఒక్కటే ఎండి, లాగితే ఊడి వస్తే అది కాండం తొలిచే పురుగు. అక్కడొకటి ఇక్కడొకటిగా దుబ్బులు నారింజ రంగుకు తిరిగి, పైరు మీద పచ్చదోమ ఎగురుతుంటే టుంగ్రో వైరస్‌ను అనుమానించాలి. మన మడిలో ఇవేవీ లేవు.

పిచికారీకి లీటరు నీటికి 2 గ్రాముల జింకు సల్ఫేటు చాలు. ఎకరాకు 200 లీటర్ల నీళ్లు అనుకుంటే 400 గ్రాములు. 16 లీటర్ల పంపుకు 32 గ్రాములు. అయిదు రోజుల ఎడంతో రెండు మూడు సార్లు కొట్టాలి. ఆ నీళ్లలో పురుగు మందు, తెగులు మందు కలపకూడదు. తొందరగా పచ్చబడాలని సున్నం కలపకుండా మోతాదు పెంచితే ఆకులు మాడతాయి.

అయితే మడంతా కొట్టే ముందు ఎర్రబడిన చోట రెండు మూడు అడుగుల పట్టీని వదిలేయడం మంచిది. నాలుగు మూలలా కర్రలు పాతి గుర్తు పెట్టుకోవాలి. వారం పది రోజుల తర్వాత చూస్తే కొట్టిన చోట కొత్తగా విచ్చుకున్న ఆకు పచ్చగా వచ్చి, వదిలేసిన పట్టీలో పాలిపోయే వస్తే అనుమానం నిజమైనట్టే. రెండు చోట్లా ఒకేలా ఉంటే జింకు కాదన్నమాట, కారణం ఇంకెక్కడో వెతకాలి. ఈ పోలికలో పాత ఆకులను చూడకూడదు. ఒకసారి తుప్పు చుక్కలు పడిన ఆకు మళ్లీ పచ్చబడదు. అది గమనించక చాలామంది 'జింకు కొట్టినా పని చేయలేదు' అనేస్తారు.

పిచికారీ ఆపద్ధర్మమే. మామూలుగా దొరికే జింకు సల్ఫేటులో 21 శాతం జింకు ఉంటుంది. అంటే 400 గ్రాముల పిచికారీతో పైరు మీద పడేది 84 గ్రాముల జింకు. అదే ఎకరాకు 20 కిలోలు చివరి దమ్ములో వేస్తే నేలకు చేరేది నాలుగు కిలోల పైచిలుకు. వరుసగా వరే వేసే పొలాల్లో యాసంగి దమ్ములోనే ఇలా వేయమని మన వ్యవసాయ విశ్వవిద్యాలయం సిఫారసు. నేలలో నిలవ ఉంటుంది కాబట్టి ప్రతి కారుకూ అక్కర్లేదు. 33 శాతం ఉన్న రకం కొంటే పరిమాణం ఆ మేరకు తగ్గుతుంది. సంచి మీద శాతం చూసి లెక్క వేసుకోవాలి, దుకాణంలో చెప్పిన కిలోలు చూసి కాదు.

మరి నిజంగానే నత్రజని తక్కువైన పొలం మాటేమిటి? దానికి కొలబద్ద ఉంది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ప్రచారంలోకి తెచ్చిన ఆకు రంగు పట్టీ అది, లేత పచ్చ నుంచి ముదురు పచ్చ దాకా రంగు గళ్లుండే చిన్న ప్లాస్టిక్ పట్టీ. పూర్తిగా విచ్చుకున్న పై ఆకును కోయకుండా పట్టీ మీద ఆనించి, తమ నీడ పడేలా నిలబడి చూడాలి. మడిలో పది చోట్ల చూసి, ఆరింటిలో ఆకు రంగు సిఫారసు చేసిన గడి కంటే తక్కువుంటేనే యూరియా. ఈ పట్టీకి ఒక షరతు ఉంది. తుప్పు చుక్కలు, తెల్ల ఈనె ఉన్న మడిలో దాన్ని నమ్మకూడదు. జింకు తక్కువై పాలిపోయిన ఆకునూ అది యూరియా లోటుగానే చూపిస్తుంది.

మెట్ట వైపు కూడా ఒక మాట. కామారెడ్డి చుట్టుపక్కల చెల్క నేలల్లో మక్కజొన్నకు ఇదే జింకు లోపం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. మొలిచిన రెండు మూడు వారాలకు లేత ఆకు అడుగు సగంలో, ఈనెకూ అంచుకూ నడుమ తెల్లటి వెడల్పు పట్టీ వస్తుంది. అదే మక్కలో కింది ఆకు కొస నుంచి ఈనె వెంట పసుపు పాకితే నత్రజని. మద్నూరు, జుక్కల్ వైపు రేగళ్లలో సోయా లేత ఆకులు ఈనెలు మాత్రం పచ్చగా, నడుమ పసుపుగా మారితే ఇనుము. ఆ నేలల్లో ఇనుము లేక కాదు, సున్నం దాన్ని కరగనివ్వదు. అన్నభేది లీటరుకు 5 గ్రాములు, నిమ్మ ఉప్పు అర గ్రాము కలిపి కొడితే కొత్త ఆకు పచ్చగా వస్తుంది.

ఇన్ని గుర్తులున్నా ఆకు చెప్పేది అంచనాయే. ఆకు మీద గుర్తు కనబడేసరికే పిలకల మీద దెబ్బ కొంత పడి ఉంటుంది. రెండు లోపాలు కలిసినప్పుడు గుర్తులు కలగాపులగమవుతాయి. యాసంగి కోతల తర్వాత, ఏప్రిల్ మే నెలల్లో మట్టి పరీక్ష చేయించుకుంటే ఆ తిప్పలు తగ్గుతాయి. ఎకరంలో ఎనిమిది పది చోట్ల ఆంగ్ల అక్షరం వి ఆకారంలో జానెడు లోతు గుంట తీసి, పక్కల నుంచి మట్టి గీకి, కలిపి, అర కిలో పంపాలి. ఒడ్ల దగ్గర, చెట్ల కింద, పెంటకుప్ప పక్కన తీయకూడదు. జింకు పరీక్ష కోసమైతే మట్టిని ప్లాస్టిక్ బకెట్టులోనే కలపాలి. పూత పూసిన ఇనుప బకెట్టు పూత జింకే కాబట్టి ఫలితం తారుమారవుతుంది. 2015లో మొదలైన భూసార కార్డులో పన్నెండు అంశాలుంటాయి. జింకు అంకె 0.6 కంటే తక్కువుంటే తదుపరి దమ్ముకే జింకు సల్ఫేటు సిద్ధం చేసుకోవాలి.

ఈలోగా పైరు ఎర్రబడితే ఒక దుబ్బు పెకలించి, వేర్లు కడిగి, పాలిథిన్ సంచిలో వేసుకుని ఏఈఓ దగ్గరికో, రుద్రూరు పరిశోధన స్థానానికో తీసుకెళ్లండి. వెళ్లలేని వారు 1800-180-1551 కిసాన్ కాల్ సెంటర్‌కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు ఉండదు. ఏ ఆకు, ఆకులో ఏ భాగం, మడిలో ఏ మేర, వేరు రంగేమిటి అన్న నాలుగు సంగతులూ చూసుకుని ఫోన్ చేయండి. అవతలివారు ముందు అడిగేవి అవే. యూరియా బస్తా విప్పడం ఆ తర్వాత.